స్టాళ్ల కేటాయింపు: కొలత, కోరుకున్న చోటు, డబ్బు కట్టిన వరుస (ప్రాజెక్టు డైరీ)

1వ రోజు

మా చిన్న వ్యాపారుల సంఘం విశాఖపట్నంలో ఏటా జరిపే పది రోజుల వాణిజ్య ప్రదర్శనకు ఈసారి స్టాళ్ల కేటాయింపు పనిని నాకు అప్పగించారు. మైదానంలో వేసే హ్యాంగర్‌లో మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న స్టాళ్లు 64 వస్తాయి. అవి ఎనిమిది వరుసలుగా, వరుసకు ఎనిమిది చొప్పున ఉంటాయి. ప్రతి వరుసలోనూ రెండు చివరల ఉన్నవి కార్నర్ స్టాళ్లు, అంటే రెండు వైపులా తెరిచి ఉండేవి. పెద్ద కంపెనీలు, చీరల వాళ్లు పక్కపక్కన రెండు స్టాళ్లు తీసుకుని మధ్య ప్యానెల్ తీయించుకుంటారు. దానిని మేము డబుల్ అంటాము.

వంట చేసి అమ్మే స్టాళ్లను ఈ లెక్కలో కలపలేదు. మధ్యాహ్నం నుంచి గాలి సముద్రం వైపు నుంచి ఊరి వైపుకు వీస్తుంది కనుక వాటిని హ్యాంగర్ బయట, ఊరి వైపు అంచున విడిగా పెడుతున్నాము. లేకపోతే నూనె పొగ అంతా చీరల మీదికే వస్తుంది. వాటికి కావలసిన 15 ఆంపియర్ల ప్లగ్గులు కూడా అక్కడే ఉంటాయి.

గత ఏడాది వరకు కేటాయింపు ఒక సాయంత్రం కమిటీ గదిలో, గోడకు అంటించిన లేఅవుట్ కాగితం ముందు జరిగేది. ఆ సమయానికి గదిలో ఉన్నవారికి మంచి చోటు దొరికేది. లేనివారికి మిగిలింది దొరికేది. అందులో ఎవరి దురుద్దేశమూ లేదని నేను నమ్ముతాను. కానీ "నాకు ఈ స్టాల్ ఎందుకు వచ్చింది?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితం అంటూ ఏదీ ఉండేది కాదు. ఈసారి మూడు విషయాల మీదే కేటాయింపు జరగాలని కమిటీ తీర్మానించింది: అడిగిన కొలత, రాసిచ్చిన ఇష్టాల వరుస, డబ్బు కట్టిన వరుస. ఈ మూడింటిలో దేని తరువాత ఏది పనిచేయాలో మాత్రం తీర్మానంలో లేదు. నా పని అక్కడే మొదలయింది.

2వ రోజు

దరఖాస్తులు తెరవడానికి ముందే, గత ఏడాది ఫారాలు తీసుకుని వాటి మీద ఒక నమూనా కేటాయింపు చేసి చూడాలని నిర్ణయించాను. పద్ధతిలో లోపం ఉంటే అది పాత కాగితాల మీద బయటపడటం మంచిది. ఈ ఏడాది డబ్బు చేతికి వచ్చాక నియమం మార్చితే, ఎంత న్యాయంగా మార్చినా ఎవరో ఒకరికి అది అన్యాయంగానే కనిపిస్తుంది.

మొదట ఎక్సెల్‌లో చేశాను. వ్యాపారులను డబ్బు కట్టిన వరుసలో పైనుంచి కిందికి పెట్టి, C, D, E నిలువు వరుసల్లో వారి మూడు ఇష్టాలను నింపి, H నిలువు వరుసలో ఈ సూత్రం రాశాను. పైవారిలో ఎవరికీ వెళ్లని మొదటి ఇష్టాన్ని అది ఇస్తుంది. మూడూ పోయి ఉంటే వేచి ఉండే జాబితాలో పెడుతుంది.

```
=IF(COUNTIF($H$1:H1,C2)=0,C2,
 IF(COUNTIF($H$1:H1,D2)=0,D2,
 IF(COUNTIF($H$1:H1,E2)=0,E2,"WAIT")))
```

అందరూ సింగిల్ స్టాళ్లే తీసుకుంటే ఇది చాలు. డబుల్ వచ్చిన వెంటనే రెండు తప్పులు బయటపడ్డాయి. మొదటిది చిన్నది. డబుల్ స్టాల్‌ను 5-6 అని టైపు చేయగానే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేసింది. అందుకని అన్ని చోట్లా 5+6 అని రాయడం మొదలుపెట్టాను. రెండవది ప్రమాదకరమైనది. ఒకరికి 5+6 ఇచ్చిన తరువాత, ఇంకొకరు 5 అడిగితే సూత్రం దాన్ని కూడా ఇచ్చేసింది. దాని దృష్టిలో "5+6" అన్న అక్షరాలు వేరు, "5" వేరు. ఒకే చోటును ఇద్దరికి ఇచ్చినట్లు అందులో ఎక్కడా ఎరుపు రంగు పడదు. ప్రారంభోత్సవం ముందు రోజు ఇద్దరూ సామాన్లు దింపినప్పుడే అది తెలుస్తుంది. అందుకే సూత్రాన్ని వదిలేసి, స్టాల్‌ను దాని గళ్లుగా విడదీసి చూసే చిన్న పైథాన్ కోడ్ రాశాను.

```python
taken = set()
for v in sorted(vendors, key=lambda v: v["rank"]):
    v["stall"] = "WAIT"
    for choice in v["choices"]:
        cells = set(choice.split("+"))
        if not cells & taken:
            v["stall"] = choice
            taken |= cells
            break
```

ఇందులో కొలతను విడిగా చూడలేదు. ఫారం నమోదు చేసేటప్పుడే, సింగిల్ అడిగినవారి ఇష్టాలన్నీ సింగిల్ స్టాళ్లేనా, డబుల్ అడిగినవారివన్నీ డబుళ్లేనా అని సరిచూసి, కాకపోతే ఫారం వెనక్కి పంపాలని పెట్టుకున్నాను.

3వ రోజు

ఈ రోజు తేలిన విషయమే ఈ ప్రాజెక్టు మొత్తంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. గత ఏడాది ఫారాల్లో గేటుకు ఎదురుగా ఉన్న మొదటి వరుసను, అంటే 1 నుంచి 8 వరకు ఉన్న స్టాళ్లను మాత్రమే తీసుకుని, ఆ వరుసను అడిగిన ఆరుగురి ఇష్టాలను కోడ్‌కు ఇచ్చాను. డబ్బు కట్టిన వరుసలో వారు ఇలా ఉన్నారు.

మొదట కట్టినవారు ఏటికొప్పాక లక్క బొమ్మలవారు. సింగిల్ కావాలి. ఇష్టాలు 1, 8, 3. తరువాత అరకు కాఫీవారు. సింగిల్, ఇష్టాలు 1, 3, 4. మూడవవారు పొందూరు ఖద్దరువారు. సింగిల్, ఇష్టాలు 3, 5, 6. నాలుగవది ఇంటి సామాన్ల కంపెనీ. డబుల్, ఇష్టాలు 1+2, 3+4, 5+6. అయిదవవారు అనకాపల్లి బెల్లంవారు. సింగిల్, ఇష్టాలు 5, 6, 7. చివర ఉప్పాడ చీరలవారు. డబుల్, ఇష్టాలు 5+6, 7+8, 3+4.

కోడ్ నడిపితే బొమ్మలవారికి 1 వచ్చింది. కాఫీవారికి 1 పోయింది కనుక 3 వచ్చింది. ఖద్దరువారికి 3 పోయి 5 వచ్చింది. ఇంటి సామాన్ల కంపెనీ అడిగిన మూడు జతల్లోనూ ఒక్కొక్క గడి అప్పటికే పోయింది కనుక వారు వేచి ఉండే జాబితాలో పడ్డారు. బెల్లంవారికి 6 వచ్చింది. చీరలవారికి 7+8 వచ్చింది.

ఇప్పుడు మిగిలినవి 2, 4. జాబితాలో మిగిలిన కంపెనీకి రెండు గళ్లు కావాలి, వరుసలో రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి, అయినా ఇవ్వలేము. ఆ రెంటికీ మధ్యలో కాఫీ స్టాల్ ఉంది. వారికంటే వెనక కట్టిన ఇద్దరికి స్టాళ్లు దొరికాయి. కోడ్‌లో తప్పేమీ లేదు. ప్రతి ఒక్కరికీ తమ వంతు వచ్చినప్పుడు ఉన్నవాటిలో తాము కోరిన మంచిదే వచ్చింది. సింగిల్ తీసుకునేవారు తమకు నచ్చిన చోట ఒక్కొక్క గడి వదిలి కూర్చోవడం వల్ల వరుస ముక్కలైంది, అంతే. బస్సులో కిటికీ సీట్లన్నీ ఒంటరి ప్రయాణికులతో నిండితే, తరువాత ఎక్కిన భార్యాభర్తలకు పక్కపక్కన చోటు దొరకని పరిస్థితి ఇది.

మా కార్యదర్శి గారికి ఈ కాగితం చూపించాను. "డబుల్స్ అందరికీ ముందు ఇచ్చేసి, తరువాత సింగిల్స్ ఇస్తే సరిపోదా?" అని అడిగారు. గళ్ల లెక్కకు అది సరిపోతుంది. కానీ అలా చేస్తే ఆఖరి రోజు కట్టిన డబుల్, మొదటి రోజు కట్టిన సింగిల్ కంటే ముందు గేటు దగ్గరి స్టాళ్లు తీసుకుంటుంది. ముందు కట్టమని చెప్పి, పెద్దగా కట్టినవారిని ముందుకు జరపడం మాట తప్పడమే అవుతుంది. అందుకని ఎవరి వంతునూ మార్చకుండా లేఅవుట్‌నే ముందుగా విభజించాము. మొదటి వరుసలో 1 నుంచి 4 వరకు సింగిల్స్‌కు, 5+6, 7+8 డబుల్స్‌కు అని దరఖాస్తు తెరిచే ముందే ముద్రించాము. అప్పుడు కొలత అనేది పోటీలో ఒక అంశంగా ఉండదు, పోటీ ఏ గళ్ల మధ్య జరగాలో చెప్పే గీతగా మారుతుంది.

అదే ఆరుగురిని మళ్లీ నడిపాను. ఈ విభజనలో ఖద్దరువారు 3, 2, 4 అని, బెల్లంవారు 4, 2, 3 అని రాస్తారని అనుకున్నాను. బొమ్మలకు 1, కాఫీకి 3, ఖద్దరుకు 2, బెల్లానికి 4, కంపెనీకి 5+6, చీరలకు 7+8 వచ్చాయి. ఎనిమిది గళ్లూ నిండాయి, ఆరుగురికీ చోటు దొరికింది. దీనికి మూల్యం లేకపోలేదు. ఖద్దరువారు 5వ నంబరును ఇక కోరుకోలేరు. 1వ నంబరు కార్నర్‌ను డబుల్‌వారు కోరుకోలేరు. ఆ నష్టం అందరికీ ముందే కాగితం మీద కనిపిస్తుంది. పాత పద్ధతిలో నష్టపోయినవారికి కారణం కూడా తెలిసేది కాదు.

మొత్తం 64లో డబుల్స్‌కు ఎన్ని జతలు ఉంచాలన్నది తరువాతి ప్రశ్న. గత ఏడాది తొమ్మిది మంది డబుల్ తీసుకున్నారు. ఎనిమిది జతలు ఉంచాము. ఒకటి తక్కువ ఉంచడానికి కారణం, అమ్ముడుపోని జతను తరువాత సింగిల్స్‌గా విడదీస్తే సింగిల్ అడిగేవారికి మంచి చోటు ఆలస్యంగా తెరుచుకుంటుంది, అప్పటికి ముందు కట్టినవారు వెనక వరుసల్లో స్థిరపడి ఉంటారు. విడదీయవలసి వస్తే ఒక జతలోని రెండు గళ్లూ పూర్తిగా నిండిన తరువాతే ఇంకో జతను విడదీయాలని రాసుకున్నాము. అలా చేయకపోతే మళ్లీ ఒంటరి గళ్లు మిగులుతాయి.

5వ రోజు

డబ్బు కట్టిన వరుస అంటే ఏమిటో ఈ రోజు తేల్చాము. వినడానికి ఇది సులువైన మాట. ఫారం రాయడానికి కూర్చుంటే నాలుగు అర్థాలు వచ్చాయి: పంపిన సమయం, మాకు చెప్పిన సమయం, ఖాతాలో మొదటి వాయిదా పడిన సమయం, పూర్తి మొత్తం జమ అయిన సమయం. చివరిదే తీసుకున్నాము. ఫారంలో పెద్ద అక్షరాలతో ఇలా వేశాము: సంఘం ఖాతాలో పూర్తి మొత్తం జమ అయిన వరుసే వరుస, దానికి బ్యాంకు స్టేట్‌మెంటులోని పంక్తుల క్రమమే ఆధారం.

పంపిన సమయాన్ని తీసుకోకపోవడానికి కారణం ఉంది. యూపీఐలో పంపితే క్షణాల్లో జమ అవుతుంది. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి రోజంతా పనిచేస్తున్నా, అది అరగంటకొక విడతగా లెక్క తేల్చే పద్ధతి. 10 గంటల 5 నిమిషాలకు నెఫ్ట్ చేసినవారికంటే 10 గంటల 12 నిమిషాలకు యూపీఐ చేసినవారి డబ్బు ముందు పడవచ్చు. పంపిన సమయానికి సాక్ష్యం వ్యాపారి ఫోన్‌లోని స్క్రీన్‌షాట్. జమ అయిన క్రమానికి సాక్ష్యం మా ఖాతా. అందరికీ ఒకే సాక్ష్యం ఉండాలంటే రెండవదే దారి. ఏ మార్గంలో పంపితే ఎంత ఆలస్యం కావచ్చో ఫారం వెనక రాసి, ఎంచుకునే బాధ్యతను వ్యాపారికే వదిలాము. చెక్కు ఇచ్చినవారి వరుస చెక్కు ఇచ్చిన రోజున మొదలు కాదు, అది పాసయిన రోజు మొదలవుతుంది.

ధరలో ఇంకో చిక్కు ఉంది. సింగిల్‌కు అద్దె 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీతో 35,400. కార్నర్‌కు పది శాతం అదనం, అంటే జీఎస్‌టీతో 38,940. ఒకరు మొదటి ఇష్టంగా కార్నర్, రెండవ ఇష్టంగా మామూలు స్టాల్ రాస్తే, ఏది వస్తుందో తెలియకముందు వారి పూర్తి మొత్తం ఎంత? తక్కువ మొత్తం తీసుకుని, కార్నర్ వచ్చాక తేడా అడగవచ్చు. వారు ఆ తేడా కట్టకపోతే స్టాల్ వెనక్కి తీసుకోవాలి, దాని వెనక ఉన్న కేటాయింపులన్నీ కదులుతాయి. అందుకని ఇష్టాల్లో ఒక్క కార్నర్ ఉన్నా 38,940 కట్టాలని, కార్నర్ రాకపోతే 3,540 తిరిగి ఇస్తామని నియమం పెట్టాము.

9వ రోజు

దరఖాస్తులు తెరిచి మూడు రోజులైంది. బ్యాంకు నుంచి స్టేట్‌మెంటు దించుకుని వరుస సంఖ్యలు వేశాను, ఆ జాబితాను పక్కన పెట్టి భోజనానికి వెళ్లబోతూ ఒక విషయం గమనించాను. సోమవారం పొద్దున కౌంటరు తెరవకముందే ఫోన్ చేసి, యూపీఐ చేశానని చెప్పిన బొమ్మలవారు సోమవారం నాటి కట్టినవారిలో అట్టడుగున ఉన్నారు.

కారణం వెతికితే ఇది తేలింది. మా బ్యాంకు స్టేట్‌మెంటులో తేదీ ఉంటుంది, గంట, నిమిషం ఉండవు. దించుకున్న ఫైలులో కొత్త పంక్తి పైన, పాతది కింద ఉంటుంది. దానిని నేను ఎక్సెల్‌లో తేదీ ప్రకారం పాతది పైకి వచ్చేలా సార్ట్ చేశాను. రోజుల వరుస సరిగ్గా తిరిగింది. కానీ ఒకే తేదీ ఉన్న పంక్తులను సార్ట్ కదపదు, అవి ముందున్న క్రమంలోనే ఉండిపోతాయి. అంటే సోమవారం తరువాత మంగళవారం సరిగ్గానే వచ్చింది, సోమవారం లోపల మాత్రం ఆఖరున కట్టినవారు మొదట ఉన్నారు. తేదీలు మాత్రమే చూసేవారికి జాబితా ఎంతో పద్ధతిగా కనిపిస్తుంది.

దీనిని పట్టుకోవడానికి స్టేట్‌మెంటులోనే నిల్వ అనే నమ్మకమైన సాక్షి ఉంది. క్రమం సరైనదైతే, పై పంక్తి నిల్వకు ఈ పంక్తి జమ కలిపి, ఖర్చు తీసేస్తే ఈ పంక్తి నిల్వ రావాలి. E ఖర్చు, F జమ, G నిల్వ అనుకుంటే మూడవ పంక్తి నుంచి ఈ సూత్రం కిందికి లాగితే చాలు.

```
=ROUND(G2+F3-E3-G3,2)=0
```

సోమవారం ఉదయం ఖాతాలో 2,00,000 రూపాయలు ఉన్నాయనుకోండి. మొదట 35,400 జమ అయితే నిల్వ 2,35,400. తరువాత 70,800 జమ అయితే 3,06,200. ఆ తరువాత 38,940 జమ అయితే 3,45,140. సరైన క్రమంలో ప్రతి పంక్తి దగ్గరా TRUE వస్తుంది. తలకిందులైన క్రమంలో 3,45,140 పైన ఉంటుంది, దాని కింద 70,800 జమ ఉన్న పంక్తి వస్తుంది. రెండూ కలిపితే 4,15,940 రావాలి, అక్కడ నిల్వ 3,06,200 ఉంటుంది, కనుక FALSE. ఒక్క FALSE కూడా లేకుండా కిందివరకు వెళ్తేనే వరుస సంఖ్యలు వేయాలని ఇప్పుడు నియమం పెట్టుకున్నాను. ఇక తేదీ ప్రకారం సార్ట్ చేయడం మానేశాను. దించిన ఫైలుకు పక్కన 1, 2, 3 అని సంఖ్యలు వేసి, ఆ సంఖ్యలను తిరగేసి క్రమాన్ని తలకిందులు చేస్తున్నాను.

ఈ తప్పు బయటికి వెళ్లకముందే దొరికింది. వెళ్లి ఉంటే మొదటి రోజు కట్టిన పద్దెనిమిది మందికి తారుమారైన స్టాళ్లు వచ్చేవి.

11వ రోజు

డబ్బు పడిన పంక్తిని ఫారంతో కలపడం అనుకున్నదానికంటే ఎక్కువ సమయం తీసుకుంది. వ్యాపారి పేరు ఒకటి, డబ్బు వచ్చిన ఖాతా బావమరిదిదో, కొడుకుదో. వ్యాఖ్య గడిలో ఫారం నంబరు రాయమని అడిగాము, సగం మంది రాయలేదు. యూపీఐ వారి 12 అంకెల లావాదేవీ సంఖ్య, నెఫ్ట్ వారి యూటీఆర్ నంబరు ఫారంలో రాయించుకోవడం వల్ల మిగిలినవి కలిశాయి.

రెండు ఫారాల దగ్గర ఆగవలసి వచ్చింది. మొదటిది డబుల్ అడిగిన కంపెనీ. అద్దె 60,000, జీఎస్‌టీతో 70,800 కట్టాలి. ఖాతాలో 64,800 పడింది. తక్కువ కట్టారని కోడ్ వారిని పక్కన పెట్టింది. వారు అద్దె మీద పది శాతం, అంటే 6,000 రూపాయలు టీడీఎస్ కింద మినహాయించి పంపారని మా అకౌంటెంటు గారు చూడగానే చెప్పారు. ఆ సొమ్ము మా సంఘం పాన్ మీద ప్రభుత్వానికి జమ అవుతుంది కనుక వారు కట్టవలసినది కట్టినట్లే. టీడీఎస్ మినహాయిస్తామని ఫారంలో ముందే గుర్తు పెట్టినవారికి, తేడా సరిగ్గా అంతే ఉంటే, పూర్తి చెల్లింపుగా లెక్కించే అంశాన్ని కలిపాను.

రెండవది మనసుకు కష్టమైనది. అనకాపల్లి నుంచి బెల్లం తెచ్చే పెద్దాయన ఫోన్ చేశారు.

"బాబూ, నేను సోమవారం పొద్దున్నే ఇరవై వేలు వేశాను కదా. నా వెనక కట్టినవాళ్లు నా ముందుకు ఎలా వచ్చారు?"

"అయ్యగారూ, మిగతా పదిహేను వేల నాలుగు వందలు గురువారం పడ్డాయండీ. పూర్తిగా పడిన రోజునే లెక్కలోకి తీసుకుంటామని ఫారంలో రాశాము."

"నేను మొత్తం ఒకేసారి ఎక్కడ తేగలను? సగం కట్టినవాడికి సగం వరుసైనా ఉండాలి కదా."

ఆయన మాట నన్ను ఆ సాయంత్రమంతా వదల్లేదు. మొదటి వాయిదాకే వరుస ఇస్తే ఎవరైనా వెయ్యి రూపాయలు వేసి 1వ నంబరును పట్టి ఉంచవచ్చు, చివరికి కట్టకపోవచ్చు. కాబట్టి నియమం మార్చలేదు. కానీ మా సభ్యుల్లో వాయిదాల్లో మాత్రమే కట్టగలిగేవారు ఎందరో ఉన్నారు. వచ్చే ఏడాది సగం సొమ్ముతో వరుస పట్టుకుని, ఏడు రోజుల్లో మిగతాది కట్టకపోతే వరుస పోయే పద్ధతిని, ఆ సగం సొమ్ము అందరికీ ఒకే మొత్తంగా ఉండేలా పెట్టి, పరిశీలించాలని కమిటీకి రాశాను.

14వ రోజు

ఇష్టాల గడులు చూస్తే ఒక అపోహ కనిపించింది. కొందరు మూడు గడుల్లోనూ గేటు ఎదుటి స్టాళ్లే రాశారు. ఇంకొకరు ఒకే ఒక్క నంబరు రాసి మిగతావి ఖాళీగా వదిలేశారు. ఎందుకని అడిగితే, "రెండో ఇష్టం రాస్తే మీరు అదే ఇచ్చేస్తారు కదండీ" అన్నారు. పాత పద్ధతిలో ఆ భయానికి కారణం ఉండవచ్చు. ఇప్పుడు లేదు. మీ వంతు వచ్చినప్పుడు మొదటి ఇష్టం ఖాళీగా ఉంటే అది మీదే, కింద ఏమి రాశారో ఎవరూ చూడరు. అది పోయి ఉంటేనే రెండవదానికి వస్తాము. కనుక కింద ఎన్ని రాసినా పైదానికి నష్టం లేదు, రాయకపోతే మాత్రం వేచి ఉండే జాబితాలో పడతారు. నిజంగా దొరకదనుకున్న స్టాల్‌ను మొదట రాసినా నష్టం లేదు.

ఈ మాటను మూడు వాక్యాల్లో అందరికీ పంపి, గడువు ముగిసేలోగా ఇష్టాల జాబితాను ఎనిమిదికి పెంచుకునే వీలు ఇచ్చాము. ఎనిమిదీ అయిపోతే "నా కొలతలో ఏదైనా సరే" అనే గడి కూడా పెట్టాము. పాత ఫారాలతో నడిపిన నమూనాలో మూడు ఇష్టాలకు పదకొండు మంది వేచి ఉండే జాబితాలో పడ్డారు. ఈసారి ఎనిమిది ఇష్టాలు, ఆ గడితో కలిపి ఇద్దరే పడ్డారు. ఆ ఇద్దరూ గడిలో గుర్తు పెట్టనివారే.

16వ రోజు

కేటాయింపు జాబితా ప్రకటించాము. పేరు, కొలత, వరుస సంఖ్య, వచ్చిన స్టాల్, అది ఎన్నో ఇష్టం, పై ఇష్టాలు ఏ వరుస సంఖ్యవారికి వెళ్లాయి అన్న వివరాలన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి. చివరి నిలువు వరుసకు ఎక్కువ శ్రమ పట్టింది, ఫోన్లు తగ్గడానికి కూడా అదే కారణమని నాకు అనిపిస్తోంది. "నాకు 3 ఎందుకు రాలేదు?" అన్న ప్రశ్నకు, అది మీకంటే ముందు కట్టిన 2వ వరుస సంఖ్యవారి దగ్గర ఉందని కాగితమే చెబుతుంది.

మొదటి వరుసలో నమూనాలో వచ్చిన ఫలితమే దాదాపుగా వచ్చింది. ఈసారి కూడా బొమ్మలవారికి 1, కాఫీవారికి 3, ఖద్దరువారికి 2 వెళ్లాయి. బెల్లం పెద్దాయన వరుసలో వెనకపడినా, అదృష్టవశాత్తు 4 ఆయనకే మిగిలింది.

19వ రోజు

బొమ్మలవారు ఇంట్లో ఆరోగ్య సమస్య వల్ల రాలేమని తెలిపారు. 1వ నంబరు ఖాళీ అయింది. మొత్తం కోడ్‌ను మళ్లీ నడిపితే లెక్క శుభ్రంగా వస్తుంది, కానీ ప్రకటించిన జాబితాలో సంబంధం లేనివారి స్టాళ్లు కూడా మారిపోవచ్చు. అందుకని ప్రకటించినవాటిని కదపకుండా, ఖాళీ అయిన గడిని వరుస సంఖ్య ప్రకారం, దానిని ప్రస్తుతపు స్టాల్ కంటే పైన రాసుకున్నవారికి ఒక్కొక్కరికి అడుగుతూ వచ్చాము.

కాఫీవారు 1ని మొదటి ఇష్టంగా రాశారు, వెంటనే ఒప్పుకున్నారు. అది కార్నర్. వారి 3,540 రూపాయలను ఇంకా తిరిగి ఇవ్వలేదు కనుక లెక్క అక్కడే సరిపోయింది. స్టాళ్లు ఖరారయ్యే తేదీ వరకు ఆ సొమ్మును వాపసు చేయకూడదని అకౌంటెంటు గారు పట్టుబట్టింది ఇందుకే. ఖాళీ అయిన 3 ఖద్దరువారికి మొదటి ఇష్టం. కానీ వారు 2వ నంబరు వేసి కరపత్రాలు అచ్చు వేయించారు, కదలబోమన్నారు. అడగకుండా మార్చి ఉంటే ఆ కరపత్రాలన్నీ వృథా అయ్యేవి. తరువాత 3ను పైన రాసుకున్నది బెల్లం పెద్దాయన కాదు, ఆయన మొదటి ఇష్టం 4 ఆయన దగ్గరే ఉంది. వెనక వరుసల్లో 3ను పైన రాసుకున్న కొండపల్లి బొమ్మలవారు ముందుకు వచ్చారు. వారు వదిలిన 27వ నంబరు వేచి ఉండే జాబితాలోని మొదటివారికి వెళ్లింది. నాలుగు ఫోన్లతో, అదే సాయంత్రం, పని ముగిసింది.

22వ రోజు

స్టాళ్ల పైభాగాన పెట్టే ఫేసియా బోర్డుల పేర్లు అచ్చుకు వెళ్లాయి. ఇక ఎవరు మానుకున్నా వారి స్టాల్ వేచి ఉండే జాబితాకే నేరుగా వెళ్తుంది, లోపలివారు కదలరు. డబుల్ జతల్లో ఎనిమిదవది, అంటే 63+64, అమ్ముడుపోలేదు. దానిని సింగిల్స్‌గా విడదీశాము. 64 కార్నర్ కనుక వెంటనే పోయింది. 63 ఇంకా ఖాళీగా ఉంది, దానికి వేచి ఉండే జాబితాలోని ఆఖరి వ్యాపారికి కబురు పంపాము. రేపు ఉదయం మైదానంలో సున్నంతో గళ్లు గీస్తారు. చేతిలో లేఅవుట్ పట్టుకుని 64 నంబర్లనూ నేల మీద ఒక్కొక్కటిగా సరిచూడాలి, ముఖ్యంగా డబుల్ జతల మధ్య పొరపాటున ప్యానెల్ గీత పడకుండా చూడాలి.